అక్షాన్ని తాకని గీత

నా మాటను పూర్తిగా నమ్మిన మనిషి నాకు ఈ ఉద్యోగంలో ఒక్కతే దొరికింది. ఆమె నా విద్యార్థిని. ఆమె చేత ఒక అబద్ధపు గీత గీయించి, ఆ నమ్మకాన్ని నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. ఎట్లా పోగొట్టుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను, నన్ను నేను సముదాయించుకోవడానికి కాదు. సముదాయించుకోవడం నాకు బాగా వచ్చు. దానికి కాగితం అక్కర్లేదు.

ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. గెస్టు లెక్చరర్ని. పన్నెండేళ్ళుగా ఆ ఇంటికి నేను అతిథినే. ప్రతి జూన్‌లో నన్ను మళ్ళీ పిలవాలా వద్దా అని నలుగురు కూర్చుని తేలుస్తారు. ఆ నలుగురూ నాకు నమస్కారం పెట్టరు, నేను నలుగురికీ పెడతాను. ఉండేది ఎమ్మిగనూరులో. మొదట్లో పనిచేసిన కాలేజీ అక్కడ, అప్పుడు తీసుకున్న గదిని ఇప్పటికీ మార్చలేదు. మార్చి ఎవరికి చూపించాలి? పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ఆదోని పొలిమేరలో జిన్నింగు మిల్లుల దూది ఎగిరొచ్చి జుట్టులో చిక్కుకుంటుంది. గదికొచ్చి అద్దంలో చూసుకుంటే తెల్లవెంట్రుకలేవో దూదేదో తెలియదు.

మా అన్న మంత్రాలయంలో మఠం పనిలో ఉంటాడు. పండగకు రమ్మంటాడు, వెళ్తాను. ఎప్పుడు పోతావని వదిన అడగదు గానీ, రెండోరోజు కాఫీ ఇస్తూ బస్సుల టైములు చెప్తుంది. మంచి మనిషే, తప్పు పట్టను. పెళ్ళి కాని ఆడబిడ్డ ఇంట్లో తిరుగుతుంటే ఎవరికైనా ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది.

శనివారం సాయంత్రం బస్సు దిగితే సోమవారం పొద్దున దాకా నాతో మాట్లాడేవాళ్ళుండరు. పాల ప్యాకెట్ వాడు సంచిలో వేసి పోతాడు. సోమవారం మొదటి పీరియడ్‌లో హాజరు పిలిస్తే గొంతు బొంగురుగా వస్తుంది. పిల్లలు నాకు జలుబు అనుకుంటారు. రెండు రోజులు వాడని గొంతు అట్లాగే ఉంటుందని నేను వాళ్ళకు చెప్పలేదు.

ఇక మా ల్యాబు సంగతి. అందులో కండక్టివిటీ మీటరు ఒక్కటే, సెల్లు ఒక్కటే. సెల్లంటే గాజు గొట్టంలో ఎదురెదురుగా రెండు చిన్న ప్లాటినం రేకులు. దాన్ని ద్రావణంలో ముంచితే, ఆ ద్రావణం కరెంటును ఎంతబాగా పోనిస్తుందో మీటరు చెప్తుంది. అదే వాహకత. ద్రావణాన్ని నీళ్ళు పోసి పలచన చేస్తే వాహకత తగ్గుతుంది, ఎందుకంటే ఒక చెంచాడు ద్రావణంలో కరెంటు మోసే అయాన్లు తక్కువవుతాయి. ఇంతవరకు ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఆ వాహకతను గాఢతతో భాగించి, ఒక్క మోలు పదార్థానికి ఎంత వస్తుందో చూడండి. అది మోలార్ వాహకత. పలచన చేసేకొద్దీ అది పెరుగుతుంది.

పిల్లలు తడబడేది ఇక్కడే. ఒకటి తగ్గుతుంది, ఒకటి పెరుగుతుంది. ఇరవైసార్లు చెప్పినా ఇరవైయొకటోసారి, "మేడమ్, తగ్గుతాదా పెరుగుతాదా?" అని అడుగుతారు. నాకు కోపమొస్తుంది. నా కోపం కాలేజీలో ప్రసిద్ధం. చాక్‌పీసు విసరను, మాటలు విసురుతాను.

ఉప్పులాంటి బలమైన పదార్థానికి ఆ పెరుగుదల కొంచెమే. దాని అయాన్లన్నీ ముందే విడిపోయి ఉంటాయి. పలచన చేస్తే ఒకదాన్నొకటి లాగి పట్టుకోవడం తగ్గి కాస్త సులువుగా కదులుతాయి, అంతే. గాఢత వర్గమూలాన్ని అడ్డంగా, మోలార్ వాహకతను నిలువుగా వేసి గ్రాఫు గీస్తే, పలచటి ద్రావణాల దగ్గర చక్కటి తిన్నని గీత వస్తుంది. స్కేలు పెట్టి వెనక్కి పొడిగిస్తే నిలువు అక్షాన్ని ఒకచోట తాకుతుంది. ఆ తాకిన చోటే అవధి విలువ. అంటే అంతులేనంత పలచన చేస్తే రావాల్సిన విలువ. అక్కడ ఏ అయానుకూ పక్క అయాను ఊసుండదు, ఎవరికి వారే యమునా తీరే.

ఎసిటిక్ ఆమ్లం అట్లా కాదు. అది దుర్బలమైనది. అందులో వందకు ఒకటో రెండో అణువులు విడిపోయి ఉంటాయి, మిగిలినవన్నీ జంటగానే కూర్చునుంటాయి. నీళ్ళు పోసేకొద్దీ విడిపోయేవాళ్ళు ఎక్కువవుతారు. అందుకని దాని గ్రాఫు తిన్నగా రాదు. చాలాదూరం నేలబారుగా పాకి, అక్షం దగ్గరకొచ్చేసరికి కొండెక్కినట్టు నిట్టనిలువుగా లేస్తుంది. నిజాయితీగా కొలిచిన చివరి బిందువు దగ్గర విలువ నలభై తొమ్మిది. చేరాల్సిన చోటు మూడు వందల తొంభై ఒకటి. మధ్యలో దారి ఎట్లా పోతుందో ఏ స్కేలూ చెప్పలేదు. (యూనిట్లు రాయలేదని నా విద్యార్థులెవరైనా ఇది చదివితే ఎగతాళి చేస్తారు. చేయనీ.)

కానీ మా ల్యాబులో ఒక ఆనవాయితీ ఉంది. నేను రాకముందు నుంచే ఉంది. ఎసిటిక్ ఆమ్లానికి కూడా చివరి బిందువు దగ్గర స్కేలు పెట్టి, నేరుగా మూడు వందల తొంభై ఒకటికి చుక్కల గీత కలిపేస్తారు. విలువ పుస్తకంలో ఉంది కదా, అక్కడికి గీత గీయడమే తరువాయి. పోయిన బ్యాచి రికార్డు చూసి ఈ బ్యాచి రాసుకుంటుంది. రీడింగులు కూడా అందులోవే. మీటరు ఆన్ చేస్తారు, సెల్లు ముంచుతారు, కళ్ళు మాత్రం పక్కనున్న పాత రికార్డు మీద ఉంటాయి. నేను మొదటి రెండేళ్ళు అరిచాను. తర్వాత అరవడం మానేసి సంతకాలు పెట్టాను. పద్దెనిమిది మందికి ఒక్క సెల్లు ఇచ్చి నిజం కొలవమని ఏ మొహంతో అడగను?

ఆ సంవత్సరం ఫైనలియర్‌లో ఒక పిల్ల ఉండేది. తుంగభద్ర ఒడ్డున మాధవరం పక్క పల్లె. అమ్మానాన్నలు కూలికి పోతారు. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులు కాలేజీ, సెలవుల్లో మిరప కోత. పొద్దున మంత్రాలయం నుంచి వచ్చే బస్సులో నిలబడి వచ్చేది. క్లాసులో నోరు విప్పేది కాదు. నేను కూడా ఆమెను పెద్దగా పట్టించుకోలేదు.

ఒకరోజు ప్రాక్టికల్‌లో అందరూ రీడింగులు చూపించి సంతకాలు చేయించుకున్నారు. వెయ్యో వంతు మోలారిటీ దగ్గర అందరిదీ నలభై తొమ్మిది. ఈ పిల్లది అరవై రెండు.

"ఏమ్మా, పక్కోళ్ళను చూసి రాయడం కూడా రాదా నీకు?" అన్నాను. నాకు ఆరోజు తలనొప్పి.

"చూసి రాయల్యా మేడమ్. మీటరు ఇంతే సెప్పింది."

"నాలుగుసార్లు చూడు."

"ఆరుసార్లు చూసినా మేడమ్. ఆరుసార్లూ ఇంతే."

నాకు ఒళ్ళు మండింది. సెల్లు లాక్కుని కడిగి నేనే ముంచాను. అరవై రెండే. ఏం చేయాలో తోచక మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో ముంచాను. నీళ్ళకే పదమూడు చూపించింది. అప్పుడు అటెండరును పిలిచాను. పెద్దాయన, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు.

"ఈ నీళ్ళు యాడివన్నా?"

"బట్టి కాలిపోయింది మేడమ్మా. కాయిల్ తెప్పీమని సెప్పి నెలాయ. బ్యాటరీ అంగట్లో క్యాను తెచ్చినా."

బట్టి అంటే మా డిస్టిలేషన్ సెట్టు. క్యానులోని నీళ్ళలో ఏవో లవణాలున్నాయి, అవి మోసిన కరెంటు పదమూడు. ఆమ్లం గాఢంగా ఉన్నప్పుడు ఆ పదమూడు లెక్కలోకి రాదు. బాగా పలచనైనప్పుడు ఆమ్లం మోసేదే తక్కువ, అప్పుడు నీళ్ళ వాటా పెద్దదైపోతుంది. అరవై రెండులోంచి పదమూడు తీసేస్తే నలభై తొమ్మిది. ఆ క్లాసులో నిజంగా కొలిచిన మనిషి ఆమె ఒక్కతే అని, తప్పు రీడింగే సాక్ష్యం చెప్పింది.

"నీది కరెక్టేనమ్మా," అన్నాను. క్షమించమని అనలేదు. మాకు ఆ అలవాటు లేదు.

ఆమె వెళ్ళలేదు. గ్రాఫు కాగితం నా ముందు పెట్టింది. "మేడమ్, ఈ గీత ఈడికి ఎట్ల పోతాది? ఈ బొట్టు కాడ నిలబడి సూస్తే, ఆ మూడువందల తొంభై ఒకటి కనపడనే కనపడదు. అందరూ గీసినారు. నాకు చెయ్యి రాలేదు."

పన్నెండేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. సంతోషం వేసింది. దాచుకోను, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

ఆరోజు నుంచి నాలుగు గంటలకు క్లాసులయ్యాక, ఆమె బస్సు టైమయ్యే దాకా, ఇద్దరం ల్యాబులో కూర్చునేవాళ్ళం. అక్షాన్ని తాకని గీతకు విలువ ఎట్లా తేవాలో చెప్పాను. అంత పలచటి చోట అయాన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయి కాబట్టి, ఏ అయాను వాటా దానిదే. అది ఎవరితో కలిసి వచ్చిందన్న దానితో పనిలేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం ఎసిటేటు, ఉప్పు, ఈ మూడూ బలమైనవే. మూడింటికీ తిన్నని గీతలొస్తాయి, స్కేలు పెట్టి పొడిగించవచ్చు. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే సోడియం, క్లోరైడు కొట్టుకుపోతాయి. మిగిలేది హైడ్రోజను, ఎసిటేటు. అంటే ఎసిటిక్ ఆమ్లమే.

"ఊరికే సెప్తే నమ్మను మేడమ్, సేసి సూద్దాం," అంది. నన్ను అట్లా అన్నవాళ్ళు లేరు. అన్నా ఊరుకునేదాన్ని కాదు. ఆమె అంటే నవ్వొచ్చింది.

చేశాం. ఇరవై ఐదు డిగ్రీల దగ్గర కొలవాలి. ఆదోనిలో ఇరవై ఐదు డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? అటెండరు బస్టాండు జ్యూసు బండి నుంచి ఐసు తెచ్చేవాడు. ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, అందులో బీకరు పెట్టి, ఆమె థర్మామీటరు పట్టుకుని, "ఇరవైయారు మేడమ్... ఇరవైఐదున్నర... ముంచండి, ముంచండి" అనేది. బట్టి బాగు చేయించాక నీళ్ళు కూడా మారాయి. అయినా ప్రతిరోజూ ముందు నీళ్ళ వాహకత కొలిచి తీసేయడం ఆమె మానలేదు. పదిహేను రోజులు పట్టింది. మూడు తిన్నని గీతలొచ్చాయి. నాలుగు వందల ఇరవై ఆరు, తొంభై ఒకటి, నూట ఇరవై ఆరు. మా మీటరుకు ఒకటీ అరా తేడా వచ్చింది గానీ, కూడి తీసేస్తే మూడు వందల తొంభై ఒకటికి దగ్గరకే వచ్చింది.

కాగితం మీద ఆ లెక్కను ఆమె మళ్ళీ ఒకసారి కూడి, తీసేసి చూసుకుంది. తర్వాత అంది. "మా ఊర్లో పని లేనప్పుడు మొగుడూ పెండ్లాం ఇద్దరూ ఇంట్లోనే కూకుంటారు మేడమ్. పని ఎక్కువయ్యే కొద్దీ ఒక్కొక్కరే బయటికి వస్తారు. అందరూ వస్తే ఎంతమందో, ఊర్లో నిలబడి లెక్కపెట్టలేం. రేషన్ కార్డులు సూసి లెక్క కట్టాల."

ఆ మాటను నేను ఇప్పటికీ క్లాసులో వాడుకుంటాను. ఎవరు చెప్పారో చెప్పను.

ఆ నెలన్నర నా గొంతు సోమవారం కూడా బాగానే పలికింది. శనివారం మధ్యాహ్నం ఆమెకు ఒక లెక్క ఇచ్చేదాన్ని. ఆదివారం గదిలో కూర్చుని ఆమె దాన్ని ఎట్లా చేస్తుందా అని నేనూ చేసుకునేదాన్ని. అన్నం వండుకుంటూ ఆమెతో మాట్లాడుతున్నట్టు నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. ఇంటావిడ ఒకసారి కిటికీలోంచి తొంగిచూసి, "ఫోనులోనా?" అని అడిగింది. అవునన్నాను. ఈ వయసులో విద్యార్థినిని స్నేహితురాలనుకోవడం తగదని తెలుసు. అయినా అనుకున్నాను.

పరీక్షకు వారం ముందు ఆమె అడిగింది. "మేడమ్, పరీక్షలో ఎసిటిక్ ఆసిడ్ వస్తే గీత గీయాల్నా, వద్దా? రికార్డులో అందరూ గీసినారు."

"గీయొద్దు. చివరి బొట్టు దగ్గర వంపు ఆపేసి, ఇది పొడిగించడానికి వీలుకాదని రాయి. కింద కూడిక, తీసివేత రాయి. ఎవరైనా అడిగితే నేనుంటాను కదా," అన్నాను.

ఆ చివరి మాట ఎవరడిగారని అన్నాను? గొప్పకు పోయి అన్నాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అనే సామెత నాలాంటివాళ్ళ కోసమే పుట్టింది.

ప్రాక్టికల్ పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒక ఎగ్జామినరు వచ్చారు. పెద్దమనిషి, మర్యాదస్థుడు. జూన్‌లో మమ్మల్ని తేల్చే ఆ నలుగురిలో ఆయన ఒకరు. చీటీలు తీయించారు. ఆమె చీటీ విప్పి నా వైపు చూసింది. పెదవులు నొక్కిపెట్టుకున్నా నవ్వు ఆగలేదు. ఎసిటిక్ ఆమ్లమని నాకు అర్థమైంది.

చక్కగా చేసింది. టబ్బులో ఐసు, నీళ్ళ వాహకత తీసివేత, ఐదు గాఢతలు, గ్రాఫు. వంపు చివరి బిందువు దగ్గర ఆగింది. పక్కన తెలుగులో రాసింది: ఈ వక్రాన్ని అక్షం దాకా పొడిగించడానికి వీలులేదు. కింద మూడు విలువల కూడిక, తీసివేత. ఇంకా కింద, నేను చెప్పకుండానే, ప్రతి గాఢతకూ ఎంత భాగం విడిపోయిందో లెక్కగట్టి ఆమ్లం స్థిరాంకం తీసింది. గాఢతలో వంద రెట్ల తేడా ఉన్నా స్థిరాంకం ఎక్కడైనా పది లక్షలకు పద్దెనిమిదే. మూడు వందల తొంభై ఒకటి నిజమైనదే అనడానికి అంతకంటే రుజువేం కావాలి?

ఎగ్జామినరు గారు మధ్యాహ్నం భోజనానికి ముందు పేపర్లు చూస్తున్నారు. ఆమెది చూసి ఆగారు. ఆమెను పిలిచారు. నేను పక్క కుర్చీలో ఉన్నాను.

"గ్రాఫు పూర్తి చేయలేదేమ్మా?"

"అది అంతే సార్. ఆడికి పోదు."

"విలువ రాశావు కదా, మూడు వందల తొంభై ఒకటి. ఎక్కడి నుంచి వచ్చింది?"

"బలమైనవాటి విలువల నుంచి సార్. నేను కొలిచినవే, రికార్డులో ఉండాయి."

"అది థియరీ. ఈ ప్రయోగంలో గ్రాఫు నుంచి తీయాలి. మాన్యువల్‌లో అట్లాగే ఉంది, అందరూ అట్లాగే చేశారు." ఆయన కోపంగా అనలేదు. టైము చూసుకున్నారు. "విలువ సరిగానే ఉంది కదా తల్లీ. స్కేలు పెట్టి దానికి కలిపేయ్. గ్రాఫు మార్కులు పదిహేను, ఊరికే పోగొట్టుకోకు."

ఆమె స్కేలు ముట్టుకోలేదు. నా వైపు తిరిగింది.

ఆయన కూడా నా వైపు తిరిగారు. "ఏం మేడమ్, ఇట్లా వదిలేయమని మీరే చెప్పారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ముందుగానే తల అడ్డంగా ఊపాను. ఆలోచించి ఊపలేదు. తల దానంతటదే ఊగింది. అది ఊగాక వెనక్కి తీసుకోవడానికి నాకు టైముంది. కనీసం నాలుగైదు క్షణాలుంది. అవును సార్, నేనే చెప్పాను, మాన్యువల్ తప్పు, దుర్బలమైనదాన్ని పొడిగించకూడదు. ఇంతే కదా. పన్నెండేళ్ళుగా బోర్డు మీద రాసిన ముక్కే కదా. ఆయన నాకంటే ఎక్కువ చదువుకున్న మనిషి, విని ఉండేవారేమో. జూన్ గుర్తొచ్చింది. ఎమ్మిగనూరు గది గుర్తొచ్చింది. ఈ ఉద్యోగం కూడా పోతే సోమవారం నా గొంతు ఎవరికి వినిపించాలన్న భయం వేసింది.

"గీసేయమ్మా," అన్నాను. "సార్ చెప్తున్నారు కదా."

ఆమె గీసింది. స్కేలు జాగ్రత్తగా ఆనించి, చివరి బొట్టు నుంచి పైకి, చుక్కలు సమదూరంలో పెట్టుకుంటూ పోయింది. అక్షం దగ్గర మూడు వందల తొంభై ఒకటి అని చిన్న అక్షరాలతో రాసింది. పొడిగించడానికి వీలులేదన్న వాక్యాన్ని రబ్బరుతో చెరపబోయింది. అది పెన్నుతో రాసింది కాబట్టి పోలేదు. దాని మీద ఒక అడ్డగీత కొట్టింది.

"గుడ్," అన్నారాయన. యాభైకి నలభై ఎనిమిది వేశారు. నేను కూడా సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం నాలుగింటికి ల్యాబులో కూర్చున్నాను. ఆమె రాలేదు. పరీక్షలైపోయాక రావాల్సిన పనేముంది అనుకున్నాను. మర్నాడు కూడా అదే అనుకున్నాను. అటెండరు టబ్బు బోర్లించి, "ఐసు ఇంగ అక్కర్లేదు కదా మేడమ్మా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. రిజల్ట్ వచ్చిన రోజు ఆమె స్టాఫ్ రూముకు స్వీట్లు తెచ్చి అందరితో పాటు నాకూ ఒకటిచ్చింది. "థ్యాంక్యూ మేడమ్," అంది. అందరితో అన్నట్టే అంది.

జూన్‌లో నన్ను మళ్ళీ పిలిచారు.

ఆ తర్వాత నెలకు అన్న మనవరాలి నామకరణం ఉందంటే మంత్రాలయం బయల్దేరాను. ఆదోని బస్టాండులో బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. బస్సు కదిలేముందు ఆమె ఎక్కింది. ఖాళీ సీటు నా పక్కదొక్కటే. ఒక్క నిమిషం నిలబడి, తర్వాత కూర్చుంది. ఫైలు ఒళ్ళో పెట్టుకుంది.

"బాగుండారా మేడమ్?"

"బాగున్నానమ్మా. ఎమ్మెస్సీకి పెట్టావా?"

"పెట్టినా మేడమ్. మ్యాథ్సుకు."

కెమిస్ట్రీ కాదా అని అడగాలనుకున్నాను, అడగలేకపోయాను. ఆమే చెప్పింది. "ఆడ ఎవరూ స్కేలు పెట్టి కలపమనరు కదా, అనుకున్యా." ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే ఆలోచించి తేల్చుకున్న సంగతిలా చెప్పింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

కండక్టరు వచ్చి టికెట్లు కొట్టాడు. ఆమెది నేను తీయబోతే, పాసు ఇంకా ఉందంది. పత్తి చేలు, రాళ్ళ గుట్టలు వెనక్కి పోతున్నాయి. మాధవరం దగ్గరపడుతోంది. ఇంత చిన్న మాట చెప్పడానికి నెలలు పట్టింది నాకు.

"ఆరోజు నువ్వు రాసిందే సరి. నేను చెప్పిందే నువ్వు రాశావు. ఆయన ముందర నాకు భయమేసింది," అన్నాను. "ఉద్యోగం పోతుందని భయపడినానమ్మా."

ఆమె తల ఊపింది. ఫైలు చంకలో పెట్టుకుని లేచింది. బస్సు ఆగుతోంది. పైనున్న కమ్మీ పట్టుకుని, నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా మెల్లగా అంది.

"నాకూ భయమేసింది మేడమ్. మీరుండారు కదా అని రాసినా."

దిగిపోయింది. వెనక్కి చూడకుండా ఊరి దారి పట్టింది. కండక్టరు రైట్ అన్నాడు. కొత్తగా ఎక్కిన ఒకామె పక్క సీటు చూపించి, "ఈడ ఎవరన్నా ఉండారామ్మా?" అని అడిగింది. లేరన్నాను.